అరువు సంగతి కొట్టు యజమానిని ఎలా అడగాలి: కిరాణా కొట్లపై గుణాత్మక పరిశోధనకు ఇంటర్వ్యూ గైడ్ రాయడం

తెనాలి వంటి పట్టణంలో కిరాణా కొట్టు నడిపేవారు అరువు ఎవరికి ఇస్తారు, ఎవరికి ఇవ్వరు, ఇచ్చిన బాకీని ఎలా రాబట్టుకుంటారు, ఫోన్‌తో డబ్బు చెల్లించడం అలవాటయ్యాక ఈ వ్యవహారంలో ఏం మారింది అనేది ఒక పరిశోధనాంశం అనుకుందాం. ఎన్ని కొట్లలో అరువు నడుస్తోందో, సగటు బాకీ ఎంతో తెలుసుకోవడానికి సర్వే చాలు. కానీ గల్లాపెట్టె ముందు కూర్చున్న మనిషి, ఎదురుగా సంచి పట్టుకుని నిలబడిన మనిషిని చూసి అర నిమిషంలో ఒక నిర్ణయానికి ఎలా వస్తాడో సర్వే చెప్పలేదు. దానికి అర్ధ నిర్మిత ఇంటర్వ్యూ కావాలి. అందులో మాట్లాడవలసిన అంశాలు ముందే ఖాయమవుతాయి, ప్రశ్నల వరుస, మాటలు, ఒక్కో అంశంలోకి వెళ్లే లోతు మాత్రం ఎదుటి మనిషి చెప్పేదాన్ని బట్టి మారుతుంటాయి. ఆ సంభాషణను నడిపే కాగితమే ఇంటర్వ్యూ గైడ్.

ఈ కాగితం రాయడంలో అన్నిటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు పరిశోధన ప్రశ్ననే కొంచెం మార్చి యజమానిని అడగడం. "అరువు ఇవ్వడంలో మీరు పాటించే ప్రమాణాలు ఏమిటి?" అని అడిగితే దాదాపు ప్రతి కొట్టులోనూ "తెలిసినవాళ్లకే ఇస్తామండీ" అనే జవాబు వస్తుంది. అది అబద్ధం కాదు, అయితే దానితో పరిశోధకుడికి కొత్తగా తెలిసిందీ ఏమీ లేదు. తెలిసినవాళ్లు అంటే ఎవరు, ఎన్నాళ్ల పరిచయం ఉంటే తెలిసినట్టు లెక్క, తెలిసి ఉండీ ఇవ్వనివారు ఎవరు అనేవి అలాగే మిగిలిపోతాయి. అసలు లోపం ప్రశ్నలోనే ఉంది. ప్రమాణాలను వెలికితీయడం పరిశోధకుడు చేయవలసిన విశ్లేషణ. ఆ ప్రశ్న ఆ పనిని యజమాని నెత్తిన పెడుతోంది, ఆయన మర్యాదకొద్దీ ఒక సూత్రం తయారుచేసి ఇస్తున్నాడు.

కాబట్టి ప్రశ్నలు రాసే ముందు కాగితాన్ని నిలువుగా రెండు భాగాలు చేసుకోవడం మేలు. ఎడమవైపు పరిశోధకుడు తెలుసుకోవాలనుకున్నది రాయాలి. కుడివైపు, అది తెలియాలంటే యజమాని తాను చూసిన, చేసిన, అన్న, విన్న వాటిలో దేన్ని చెప్పాలో రాయాలి. ఎడమవైపు "నమ్మకం ఎలా ఏర్పడుతుంది" అని ఉంటే, కుడివైపు "కొత్తగా ఈ వీధిలో అద్దెకు దిగినవారికి మొదటిసారి అరువు ఇచ్చిన సందర్భం" అని ఉండాలి. ఇంటర్వ్యూకు వెళ్లేది కుడివైపు ఉన్నది మాత్రమే. ఎడమవైపు మాట ఒక్కటి కూడా కొట్టులో వినిపించకూడదు. కుడివైపు ఏమీ రాయలేని అంశం ఉంటే, ఇంటర్వ్యూలో దానికి జవాబు దొరకదని అక్కడే గ్రహించాలి. ఖాతా పుస్తకాన్ని పరిశీలించడమో, కొట్టు దగ్గర కూర్చుని గమనించడమో అటువంటివాటికి తగిన పద్ధతి.

ముప్పావు గంట సంభాషణకు ఆరేడు ప్రధాన ప్రశ్నలకు మించి పట్టవు. వాటిలో మొదటిది అరువు గురించి కాకుండా ఉండడం మంచిది. అమెరికన్ మానవశాస్త్రవేత్త జేమ్స్ స్ప్రాడ్లీ 1979లో "గ్రాండ్ టూర్" ప్రశ్న అని పేరు పెట్టి వివరించిన పద్ధతి ఇక్కడ చక్కగా పనికొస్తుంది. ఇల్లు చూడవచ్చిన అతిథిని గది గదికీ తిప్పినట్టు, ఎదుటి మనిషి తన లోకాన్ని తనే తిప్పి చూపేలా అడగడం దాని సారం. "నిన్న పొద్దున కొట్టు తీసిన దగ్గర్నుంచి రాత్రి కట్టేసేదాకా ఏమేం జరిగిందో చెప్తారా?" అన్నది ఆ రకం ప్రశ్న. ఇందులో "రోజూ" అనకుండా "నిన్న" అనడం ముఖ్యం. రోజూ ఏం చేస్తారని అడిగితే ఆదర్శ దినచర్య వస్తుంది, నిన్నటి సంగతి అడిగితే బోణీ ఆలస్యమైన విషయం, పాలప్యాకెట్లు తక్కువొచ్చిన విషయం, నూనె కంపెనీ సేల్స్‌మ్యాన్ పాత బిల్లు కోసం వచ్చి నిలబడిన విషయం బయటికొస్తాయి. అరువు కూడా ఆ వరుసలో ఎక్కడో తనంతట తానే వస్తుంది. అప్పుడు యజమాని దాన్ని ఏ మాటతో పిలిచాడో, అరువు అన్నాడో, అప్పు, ఖాతా, బాకీ అన్నాడో, తెలంగాణలోనైతే ఉద్దెర అన్నాడో, గైడ్ పైఅంచున రాసుకుని మిగతా సంభాషణ అంతా ఆ మాటతోనే నడపాలి. అందుకోసం గైడ్‌లో ఆ చోటును ఖాళీగా ఉంచడం ఉపయోగకరం.

తరువాత వచ్చేది గైడ్‌కు గుండె వంటి భాగం. జరిగిన ఒక్కొక్క సంఘటనను పట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చెప్పించే పద్ధతిని మనస్తత్వ శాస్త్రజ్ఞుడు జాన్ ఫ్లానగన్ 1954లో క్రమబద్ధంగా వివరించాడు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా వైమానిక దళంలో చేసిన పని దానికి పునాది. అరువు విషయంలో ఇటువంటి సంఘటనలు మూడు అడిగితే చాలు: ఈ మధ్య ఇచ్చినది ఒకటి, ఇవ్వననుకున్నది ఒకటి, ఇచ్చి రాకుండా పోయినది ఒకటి. మూడింటిలోనూ ఎక్కువ విషయం దొరికేది రెండోదాని దగ్గర. ఇచ్చిన అరువు పుస్తకంలో ఉంటుంది, మునిగిన బాకీ మనసులో ఉంటుంది, ఇవ్వని అరువు మాత్రం ఎక్కడా నమోదు కాదు. పైగా మన కొట్లలో "ఇవ్వను" అనే మాట సూటిగా వినిపించడం అరుదు. "ఇంకా బోణీ కాలేదండీ" అంటారు, "ఆయన బయటికెళ్లారు, వచ్చాక అడగండి" అంటారు, కొట్టులో ఉన్న సరుకునే లేదంటారు. గోడమీద "అరువు రేపు" అని అట్టముక్క తగిలించేదీ నోటితో చెప్పవలసిన అవసరం తప్పించుకోవడానికే. అందుకని "ఎవరికైనా అరువు ఇవ్వనన్నారా?" అని అడిగితే "అబ్బే, అలా ఎవరినీ అనమండీ" అనే జవాబు నిజాయతీగానే వస్తుంది. గైడ్‌లో ఆ ప్రశ్నను ఇలా రాసుకోవాలి: "ఎవరైనా అడిగినప్పుడు, ఈసారికి ఇవ్వకపోతే బాగుండుననిపించిన సందర్భం ఒకటి చెప్తారా? అప్పుడు ఎలా దాటేశారు?" ఈ ప్రశ్నలో తప్పుపట్టే ధ్వని లేదు, ఇవ్వాలో వద్దో తేల్చుకోలేక తటపటాయించిన క్షణాన్ని అది నేరుగా తాకుతుంది. గోడమీద బోర్డు కనబడితే అంతకన్నా తేలికైన దారి ఉంది. "ఆ బోర్డు ఎప్పుడు పెట్టారండీ? ఆ రోజుల్లో ఏం జరిగింది?" అంటే చాలు.

ప్రధాన ప్రశ్న తలుపు తెరుస్తుందే కానీ లోపలికి తీసుకెళ్లేది దాని కింద రాసుకునే ప్రోబ్‌లు, అంటే తరచి అడిగే చిన్న ప్రశ్నలు. వీటిని అప్పటికప్పుడు తట్టినట్టు అడగవచ్చులే అనుకునే పరిశోధకులు ఉన్నారు. అనుభవం ఎంత ఉన్నా అది ప్రమాదమే, ఎందుకంటే తరచి అడగవలసి వచ్చినప్పుడు నోటికి మొదట వచ్చే మాట "ఎందుకు". "ఆయనకు ఎందుకు ఇచ్చారు?" అని అడిగితే అది సంజాయిషీ కోరినట్టుంటుంది. ఇంట్లో భార్యో, కొడుకో బాకీల పుస్తకం చూసి అడిగే ప్రశ్న అదే, అదే స్వరం. యజమాని వెంటనే తనను తాను సమర్థించుకోవడం మొదలుపెడతాడు, "పాపం పిల్లలున్నారని" అని ఒక మంచి కారణం చెప్పి ముగిస్తాడు. అదే విషయాన్ని "ఏం చూసి ఇచ్చారు?" అని అడిగితే జవాబు మారుతుంది, ఎందుకంటే నమ్మి ఇవ్వడం గురించి కొట్లలో మాట్లాడుకునే తీరు అదే. ఏం చూశాడో ఆయన చెప్పగలడు: మనిషి చేసే పని, ఇల్లు సొంతమా అద్దెదా, ఇంతకుముందు ఎవరి దగ్గర ఖాతా ఉండేది, ఎవరి తరఫు మనిషి.

ఈ తేడా కాగితంమీద ఎలా కనిపిస్తుందో చూడడానికి, ఒక కొట్టులో జరగగల సంభాషణను ఊహించుకుందాం.

"ఈ మధ్య అరువు ఇచ్చిన సందర్భం ఒకటి చెప్తారా? పేరు అక్కర్లేదండీ."

"మొన్న ఒకాయన వచ్చాడండీ, తాపీ పని చేస్తాడు. బియ్యం, నూనె తీసుకున్నాడు. శనివారం ఇస్తానన్నాడు. ఇచ్చానండీ."

"ఆయన గురించి మీకు అప్పటికే ఏం తెలుసండీ?"

"వెనక వీధిలోనే ఉంటాడు. ఇదివరకు ఆ చివరి కొట్టులో ఖాతా ఉండేది."

"అక్కడ ఖాతా ఉన్న మనిషి మీ దగ్గరికి వచ్చినప్పుడు ఏమనిపించింది?"

"అదేనండీ. అక్కడ బాకీ పెట్టి వచ్చాడేమోనని అనుమానం వచ్చింది. అందుకే మొదట సగం సరుకే కట్టాను. సాయంత్రం ఆయన్ని అడిగాను, బాకీ లేదన్నాడు, మర్నాడు మిగతాది ఇచ్చాను."

"ఆ చివరి కొట్టాయనను అడిగారన్నమాట. అది ఎలా అడిగారో చెప్తారా?"

మూడు ప్రశ్నలతో బయటపడిన సంగతి చిన్నది కాదు. పోటీ కొట్ల యజమానులు బాకీదారుల సమాచారం ఒకరికొకరు అందించుకుంటున్నారు. అడిగినంతా ఒకేసారి ఇవ్వకుండా సగం ఇచ్చి ఒక పూట గడువు తీసుకోవడం ఒక పరీక్షలా నడుస్తోంది. "తెలిసినవాళ్లకే ఇస్తాం" అన్న జవాబులో ఈ రెండూ లేవు. ఇక్కడ వాడిన ప్రోబ్‌లలో మొదటిది గైడ్‌లో యథాతథంగా రాసి ఉన్నది. రెండోది, చివరిది యజమాని మాటనే తిరిగి పట్టుకున్నవి. అటువంటి వాటిని ముందే రాయలేము, కానీ ఎక్కడ పట్టుకోవాలో గైడ్‌లో గుర్తుగా రాసుకోవచ్చు: "మూడో మనిషి ప్రస్తావన వస్తే వదలకు", "మొత్తం కాకుండా కొంత ఇచ్చినట్టు చెబితే ఆగు" అని. ఒక్కో ప్రధాన ప్రశ్న కింద ఇలాంటివి మూడో నాలుగో చాలు. పదేసి రాస్తే కాగితం చూసుకోవడంతోనే సరిపోతుంది, ఎదుటి మనిషి ముఖం చూడడం కుదరదు.

"ఆయన గురించి మీకు అప్పటికే ఏం తెలుసు?" అన్న ప్రోబ్‌కు మరో ప్రయోజనం ఉంది. అరువు నమ్మకంలో కులానికి, వీధికి, ఊరికి పాత్ర ఉందా అనేది ఈ పరిశోధనలో తప్పించుకోలేని అంశం. "కులం చూసి ఇస్తారా?" అని అడిగితే లేదనే చెబుతారు, ఆపైన సంభాషణ కూడా బిగుసుకుపోతుంది. ముందే ఏం తెలుసని అడిగితే, ఆ సమాచారం నిర్ణయంలో భాగమైనచోట యజమాని తన మాటల్లో, తన క్రమంలో చెబుతాడు. చెప్పకపోతే పరిశోధకుడు దాన్ని అతని నోట పెట్టకూడదు. పేరు అక్కర్లేదని మొదటే చెప్పడం కూడా గైడ్‌లో రాసి ఉండవలసిన వాక్యమే. ఇంటర్వ్యూకు ఒప్పుకున్నది యజమాని, ఆ తాపీ మేస్త్రీ కాదు. చిన్న పట్టణంలో ఫలానావారికి ఇంత బాకీ ఉందన్న మాట బయటికి పొక్కితే జరిగే నష్టం ఆయనకే.

డబ్బు మొత్తాల గురించి, ఫోన్ చెల్లింపుల గురించి అడిగే చోట ఇంకొంచెం జాగ్రత్త కావాలి. యూపీఐ 2016లో వచ్చింది, జీఎస్టీ 2017 జులై 1న అమల్లోకి వచ్చింది. ఈ రెండింటినీ చిన్న వ్యాపారి ఒకదానితో ఒకటి ముడిపెట్టే చూస్తాడు. 2025 జులైలో కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ లావాదేవీల ఆధారంగా చిన్న వ్యాపారులకు నోటీసులు పంపినప్పుడు బెంగళూరులో కొన్ని కొట్ల ముందు "యూపీఐ లేదు, నగదు మాత్రమే" అన్న కాగితాలు వెలిశాయి. ఆ వార్త తెలిసిన యజమాని దగ్గర, చేతిలో కాగితం పట్టుకుని వచ్చిన అపరిచితుడు "నెలకు ఫోన్ ద్వారా ఎంత వస్తుంది?" అని అడిగితే ఆ అపరిచితుడు ఎవరనుకుంటాడో ఊహించడం కష్టం కాదు. అమ్మకం ఎంత అనేది ఈ పరిశోధనాంశానికి అవసరమే లేదు, కాబట్టి ఆ ప్రశ్న గైడ్‌లో ఉండనక్కర్లేదు. అవసరం లేని అంకె ఒకటి అడిగినందువల్ల అవసరమైన కథలన్నీ పోగొట్టుకోవడం జరుగుతుంది.

ఫోన్ చెల్లింపులపై అడగవలసిన ప్రశ్నలో ఇంకో చిక్కు ఉంది. "యూపీఐ వచ్చాక అరువు తగ్గిందా?" అన్నదానికి అవును, కాదు అనే రెండు జవాబులే ఉంటాయి, అందులోనూ తగ్గి ఉండాలన్న సూచన ప్రశ్నలోనే ఉంది. పరిశోధకుడి మనసులో కొన్ని ఊహలు ఉండవచ్చు. పర్సు ఇంటిదగ్గర మరచిపోయానని చెప్పే అవకాశం ఇప్పుడు పోయిందేమో, ఊళ్లో లేని కొడుకు హైదరాబాదు నుంచి తల్లిదండ్రుల ఖాతా తీర్చేస్తున్నాడేమో, లేక డబ్బు పెద్ద దుకాణాలకు వెళ్లి అరువు మాత్రమే చిన్న కొట్టుకు మిగిలిందేమో. ఈ ఊహలను కాగితం ఎడమ సగంలో ఉంచి, కుడివైపు ఒకే మనిషి కథ అడగాలి: "మీ దగ్గర చాలాకాలంగా ఖాతా ఉన్నవారిలో ఒకరిని తలుచుకోండి. ఫోన్‌లో డబ్బులు కొట్టడం మొదలయ్యాక వారి ఖాతా ఎలా నడుస్తోంది?" దీనికి ప్రోబ్ "అంతకుముందు ఎలా ఉండేది?" ఒక్కటే. ముందు, తరువాత అనే పోలిక యజమానే చేస్తాడు.

ఇంతవరకు చెప్పినదంతా ఎక్కడో నిశ్శబ్దమైన గదిలో జరిగే సంభాషణకు కూడా వర్తిస్తుంది. కొట్టులో పరిస్థితి వేరు. రెండు నిమిషాలకోసారి ఎవరో ఒకరు వస్తారు, సౌండ్‌బాక్స్ మోగుతుంది, తూకం వేయాలి, చిల్లర వెతకాలి. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య కాస్త తెరిపి దొరికినా అంతరాయం లేని ఇంటర్వ్యూ అనేది కలలోమాట. ఒక ప్రశ్నమీద మరో ప్రశ్న మెట్లలా కట్టుకుంటూ పోయే గైడ్ ఇక్కడ నిలబడదు, ఒక మెట్టు దగ్గర ఆగితే పైవన్నీ కూలుతాయి. సంఘటనల చుట్టూ కట్టిన గైడ్‌కు ఉన్న బలం ఇక్కడే తెలుస్తుంది. ప్రతి సంఘటనా దానంతటది పూర్తి అయిన ముక్క, ఏది ముందడిగినా, ఏది రేపటికి వాయిదా వేసినా నష్టం లేదు. గైడ్ ఒక కాగితానికి ఒకవైపే సరిపోవాలి, ప్రతి ముక్క పక్కనా యజమాని ఆఖరి మాట రాసుకోవడానికి జాగా ఉండాలి. కొనేవారు వెళ్లిపోయాక "ఎక్కడున్నామండీ?" అని అడగడం కన్నా "సగం సరుకే కట్టానన్నారు, తర్వాత?" అని అందివ్వడం తేడా చూపిస్తుంది. కొనేవారు ఉన్నంతసేపు రికార్డింగ్ ఆపాలన్నది, వారి ముందు అరువు ఊసెత్తకూడదన్నది గైడ్ పైనే పెద్ద అక్షరాలతో రాసుకోవలసినవి.

ఎవరిని అడుగుతున్నామన్నది మరో సంగతి. పేరు భర్తది అయినా, పొద్దున్నుంచి మధ్యాహ్నందాకా గల్లా దగ్గర కూర్చునేది, వీధిలో ఎవరి పరిస్థితి ఏమిటో తెలిసేది భార్యకు అయిన కొట్లు ఎన్నో. పరిశోధకుడు రాగానే ఆమె పక్కకు తప్పుకుని ఆయనను పిలుస్తుంది. అందుచేత గైడ్ మొదట్లోనే "నిన్న ఏ వేళలో ఎవరు కూర్చున్నారండీ?" అన్న ప్రోబ్ ఉండాలి, దానికి వచ్చిన జవాబును బట్టి అరువు సంఘటనలు ఎవరిని అడగాలో తేల్చుకోవాలి. వీలైతే విడివిడిగా మాట్లాడడం మంచిది, ఎందుకంటే ఒకరు ఇచ్చిన అరువు రెండోవారికి తెలియకపోవడమూ ఉంటుంది. ఆ సంగతి పరిశోధకుడి ద్వారా బయటపడకూడదు.

రాసిన గైడ్ పనిచేస్తుందో లేదో తెలియాలంటే అసలు నమూనాలో లేని రెండు మూడు కొట్లలో దాన్ని వాడి చూసి, రికార్డింగ్‌ను అక్షరం వదలకుండా రాసి చదవాలి. అందులో మొదట చూడవలసింది జవాబుల్లోని క్రియాపదాలు. "ఇస్తాం, అడుగుతాం, చూసుకుంటాం" అని వరుసగా ఉంటే ఆ ప్రశ్న సూత్రాలను రాబడుతోంది. "ఇచ్చాను, అడిగాను, పంపించేశాను" అని ఉంటే జరిగినది చెప్పిస్తోంది. మొదటి రకం జవాబు వచ్చిన ప్రతిచోటా పైన ఉన్న ప్రశ్నను చూస్తే సాధారణంగా అందులోనూ "ఇస్తుంటారా, అడుగుతుంటారా" అనే రూపమే కనిపిస్తుంది, అంటే అడిగిన కాలంలోనే జవాబు వచ్చింది. రెండో గుర్తు పొడవు. పరిశోధకుడి మాటలు మూడు వరుసలు, జవాబు అర వరుస ఉన్నచోట ఒకే ప్రశ్నలో రెండు మూడు ప్రశ్నలు దూరి ఉంటాయి, యజమాని ఆఖరిదానికే జవాబు చెప్పి ఉంటాడు.

ఇటువంటి ప్రయత్న ఇంటర్వ్యూల వల్ల గైడ్‌లోకి కొత్త భాగమే రావచ్చు. అరువు ఇవ్వడం గురించి అడుగుతుంటే, తాము తెచ్చుకున్న సరుకు అరువు గురించి యజమానులు మాట్లాడుతుండడం గమనిస్తే, ఉదాహరణకు "సేల్స్‌మ్యాన్ బిల్లు అడిగే రోజున నేను ఎవరికీ ఇవ్వలేదు" అన్న మాట వస్తే, ఇచ్చే అరువుకు తెచ్చుకునే అరువుకు ఉన్న లంకె గైడ్‌లో లేదని తెలిసినట్టు. అప్పుడు "సరుకు మీకు ఎన్ని రోజుల గడువుతో వస్తుంది? గడువు దాటినప్పుడు ఒకసారి ఏం జరిగింది?" అన్న ప్రశ్న చేర్చాలి, దానికి చోటు కోసం మరొకటి తీసేయాలి. అసలు ఇంటర్వ్యూలు మొదలయ్యాక కూడా మొదటి నాలుగైదింటి వరకు ఇలాంటి మార్పులు సహజమే. అయితే మారిన ప్రతిసారీ గైడ్‌పై కొత్త తేదీ వేయాలి, ఏ కొట్టులో ఏ తేదీ గైడ్ వాడారో రాసి పెట్టాలి. లేకపోతే విశ్లేషణ దగ్గర, మొదటి కొట్లవారు గడువుల మాట ఎత్తలేదంటే వారికి ఆ ఇబ్బంది లేదో, వారిని అసలు అడగనేలేదో తేల్చుకోలేని పరిస్థితి వస్తుంది. ఆ కొట్లకు మళ్లీ వెళ్లి, ఆ ఒక్క ప్రశ్న మాత్రం అడిగి రావడానికి మొదటి రోజే అనుమతి తీసుకుని ఉండడం మంచిది.